కవరు మీద 16, షాపులో 8

అమెరికాలో రెడీమేడ్ షాపుకి వెళ్లి 8 నంబరు టాప్ తొడుక్కుంటే చక్కగా సరిపోయే మనిషి, అదే ఊళ్లో బట్టల దుకాణంలో దొరికే కుట్టు ప్యాటర్న్ కవరు వెనక్కి తిప్పి చూస్తే తన కొలతలు 16 నంబరు కింద కనిపిస్తాయి. న్యూజెర్సీలో ఉంటున్న మా అక్క కూతురు కొత్తగా మిషను కొనుక్కుని ఇక్కడే చిక్కుకుంది. షాపు లెక్కన 8 గీత మీద కత్తిరించి, రెండు సాయంత్రాలు కూర్చుని కుట్టింది. తీరా వేసుకోబోతే ముందు రెండు వైపులూ కలవనే లేదు. "పిన్నీ, నేనెప్పుడూ ఎనిమిదే కదా వేసుకునేది, ఇదేంటి?" అని ఫోను. ఆ ప్రశ్నకు జవాబు కొంత చరిత్రలోనూ, కొంత టేపులోనూ ఉంది.

ముందు ప్యాటర్న్ అంటే ఏమిటో చెప్పాలి. మన ఊళ్లలో టైలరు గుడ్డ మీద సుద్దతో నేరుగా గీసేస్తాడు. నేర్చుకునేవాళ్లయితే ముందు పేపర్ కటింగ్ చేస్తారు. ఆ పేపర్ కటింగునే అచ్చువేసి, మడిచి, కవర్లో పెట్టి అమ్మితే అదే ప్యాటర్న్. పల్చటి టిష్యూ కాగితం మీద ముందు భాగం, వెనక భాగం, చెయ్యి, కాలరు ముక్కలు గీసి ఉంటాయి. ఒక్కో ముక్క మీద నాలుగైదు సైజుల గీతలు ఒకదాని పక్కన ఒకటి నడుస్తాయి. ఒక కవర్లో 6 నుంచి 14 దాకా ఉంటే, ఇంకో కవర్లో 14 నుంచి 22 దాకా ఉంటాయి. కవరు వెనక వైపు చాతీ, నడుము, హిప్ కొలతల పట్టిక, ఎంత గుడ్డ కావాలి, బొత్తాలెన్ని, జిప్పు ఎంత పొడవు అన్నీ రాసి ఉంటాయి. సింప్లిసిటీ, మెక్‌కాల్స్, బటరిక్, వోగ్ అనే నాలుగు అమెరికన్ పేర్లు ఈ వ్యాపారంలో పెద్దవి. నాలుగింటి పట్టికా దాదాపు ఒకటే. ఆడవాళ్ల సైజుల్లో 8కి చాతీ 31.5 అంగుళాలు, 12కి 34, 14కి 36, 16కి 38, 18కి 40. షాపులో 8 వేసుకునే మా అమ్మాయి చాతీ 38. కవరు మీది 8కి, ఆమెకి మధ్య ఆరున్నర అంగుళాల తేడా. ముందు వైపులు కలవకపోవడంలో వింతేముంది?

అసలు ఈ నంబర్లు ఎక్కడివి? రకరకాల సైజుల్లో కాగితపు ప్యాటర్న్‌లు అచ్చువేసి అమ్మడం 1863లో మొదలైంది. మసాచుసెట్స్ రాష్ట్రంలో స్టెర్లింగ్ అనే ఊళ్లో ఎబెనెజర్ బటరిక్ అనే టైలరు ఆ పని మొదలుపెట్టాడు. అంతకుముందు ప్యాటర్న్ ఒకే సైజులో వచ్చేది, ఎవరికి తగ్గట్టు వాళ్లు పెంచుకోవడమో తగ్గించుకోవడమో చేసుకునేవాళ్లు. 20వ శతాబ్దం మొదట్లో పెద్దవాళ్ల ప్యాటర్న్‌లను చాతీ అంగుళాలతోనే అమ్మేవారు. ఎదిగే ఆడపిల్లలవి మాత్రం వయసుతో అమ్మేవారు. 14 అంటే పద్నాలుగేళ్ల పిల్లకి, 16 అంటే పదహారేళ్ల పిల్లకి అన్నమాట. తర్వాత్తర్వాత వయసు మాట మరుగున పడిపోయి నంబరు ఒక్కటే మిగిలింది. అందుకే ఈ 16ను అంగుళాల్లో వెతికినా, సెంటీమీటర్లలో వెతికినా ఎక్కడా తేలదు.

ఆ తర్వాత తపాలా వ్యాపారం వచ్చింది. కేటలాగులో బొమ్మ చూసి ఉత్తరం రాస్తే బట్టలు ఇంటికి వచ్చేవి. సరిపోకపోతే తిరుగు టపాలో వెనక్కి వెళ్లేవి. ఒక్కో కంపెనీ ఒక్కో లెక్కన కుట్టిస్తుంటే వాపసులు ఎక్కువై నష్టాలు వచ్చేవి. అమెరికా వ్యవసాయ శాఖ 1939, 40లలో దాదాపు 15 వేలమంది ఆడవాళ్లను ఒక్కొక్కరినీ దాదాపు అరవై చోట్ల కొలిపించి, 1941లో ఆ లెక్కలు అచ్చువేసింది. వ్యవసాయ శాఖకు బట్టలతో పనేమిటి అనిపిస్తుంది కానీ, గృహ ఆర్థిక శాస్త్రం అప్పట్లో వాళ్ల కిందే ఉండేది. ఆ సర్వేలో పెద్ద లోపం ఒకటుంది. లెక్క కట్టేటప్పుడు తెల్లవాళ్ల కొలతలే ఉంచుకుని మిగతావి పక్కన పెట్టేశారు. తపాలా కంపెనీలు అడగ్గా అడగ్గా, ఆ కొలతల పునాది మీద 1958లో ప్రభుత్వ ప్రమాణాల సంస్థ ఒక సైజుల పట్టిక తయారుచేసింది. అదీ ఇష్టమైతే పాటించేదే, చట్టం కాదు. 1983కల్లా దాన్ని ఉపసంహరించారు. అప్పటి నుంచి అక్కడ షాపు లేబులు మీద ఏ నంబరు వేయాలన్నది కంపెనీ ఇష్టం.

ప్యాటర్న్ కంపెనీలు కూడా ఒకసారి కదిలాయి. 1967, 68 ప్రాంతంలో, రెడీమేడ్ నంబర్లకు దగ్గరగా ఉందామని పట్టిక మార్చి, కవర్ల మీద 'న్యూ సైజింగ్' అని వేశాయి. అంతకుముందు 12 నంబరుకు చాతీ 32 ఉండేది, మార్పు తర్వాత 34 అయింది. 16కు 36 ఉన్నది 38 అయింది. (పాత ప్యాటర్న్‌లు సేకరించేవాళ్లు కవరు మీద ఆ రెండు మాటలు ఉన్నాయా లేదా అని ముందు చూసేది ఇందుకే. నంబరు ఒకటే అయినా రెండు అంగుళాల తేడా.) ఆ తర్వాత ఆ పట్టిక దాదాపు అలాగే ఉండిపోయింది. షాపులు మాత్రం ఆగలేదు. మనుషుల ఒళ్లు పెరుగుతుంటే నంబరు పెంచడం మానేసి, అదే నంబరు కింద గుడ్డ పెంచుకుంటూ వెళ్లాయి. చిన్న నంబరు పట్టిందంటే కొనేవాళ్లకు సంతోషం, అమ్మేవాళ్లకు బేరం. అలా కిందికి జరిగి జరిగి 2, 0, ఆఖరికి రెండు సున్నాల సైజు దాకా వచ్చాయి. 0 సైజు మనిషి అంటే ఏమిటో ఆలోచిస్తే నవ్వొస్తుంది గానీ, రాకల మీద నిజంగానే ఆ లేబులు వేలాడుతుంటుంది.

ఇందులో షాపును తిట్టడానికి పెద్దగా ఏమీ లేదు. షాపుకు ట్రయల్ రూము ఉంది. లేబులు మీద ఏ అంకె ఉన్నా, లోపలికెళ్లి వేసుకుని చూసుకుంటాం. 8 బిగుతైతే 10, అదీ కాకపోతే ఇంకో కంపెనీది. నంబరు అబద్ధమాడినా అద్దం ఆడదు. ప్యాటర్న్‌కు ఆ వీలు లేదు. కవరు కొన్నవాళ్లు మూడు గజాల గుడ్డ కొని, కత్తెర పెట్టి, కుట్టి, ఆఖరున వేసుకుంటారు. నంబరు పొగడ్తకు పెంచితే గుడ్డ పాడవుతుంది, ఆ పేరు గల కవరు మళ్లీ కొనరు. పైగా ఆ పట్టికను నమ్ముకునే కుట్టు పుస్తకాలు, క్లాసులు, కుట్టుకునే బొమ్మలు తయారయ్యాయి. పట్టిక జరిపితే అవన్నీ తప్పవుతాయి. కాబట్టి ప్యాటర్న్ కంపెనీ తన నంబరును కొలతకు కట్టేసింది. రెడీమేడ్ కంపెనీ తన నంబరును అమ్మకానికి కట్టింది. దూరం అక్కడ పుట్టింది.

మన దగ్గర ఈ గొడవ ఇంకో రూపంలో ఉంది. జాకెట్టు కుట్టించుకోవడానికి వెళ్తే టైలరు మొదట అడిగేది "ఆది తెచ్చారామ్మా?" అని. ఆది జాకెట్టు అంటే బాగా పట్టిన పాత జాకెట్టు. దాన్ని బల్ల మీద పరిచి కొలుస్తారు. అంటే కొలుస్తున్నది ఒంటిని కాదు, బట్టను. ఊపిరాడటానికి వదిలిన లూజు ఆ బట్టలోనే కలిసిపోయి ఉంది. ఆన్‌లైనులో కుర్తీలు కొనేటప్పుడు కూడా ఇదే తికమక వస్తుంది. ఒక కంపెనీ ఎక్స్‌ఎల్ పక్కన 42 అని రాస్తే అది కుర్తీ చుట్టుకొలత, ఇంకో కంపెనీ రాస్తే 42 చాతీ ఉన్న మనిషికి పడుతుందని. చూడటానికి రెండూ ఒకలాగే ఉంటాయి. ఇక మగవాళ్ల ఫార్మల్ చొక్కాల సంగతి మరీ చిత్రం. చొక్కా మెడ దగ్గర ఉండే 40 చాతీ అంగుళాలని చాలామంది అనుకుంటారు. ఆ 38, 39, 40, 42 అంకెలు మెడపట్టీ చుట్టుకొలత, సెంటీమీటర్లలో. మన మనుషుల కొలతలతో మన సైజులు తయారుచేద్దామని జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ, అంటే నిఫ్ట్, త్రీడీ స్కానర్లతో దేశవ్యాప్త సర్వే తలపెట్టింది. ఆరు నగరాలు, పాతిక వేలమంది అన్నది లక్ష్యం. ఆ ఆరింటిలో హైదరాబాదు ఉంది.

సరే, కవరు దగ్గరికి వద్దాం. షాపు నంబరు మరిచిపోవాలి. టేపు తియ్యాలి. నాలుగు కొలతలు చాలు, కానీ ఆ నాలుగూ పట్టిక తయారుచేసినవాళ్లు ఎక్కడ కొలిచారో అక్కడే కొలవాలి. రోజూ వేసుకునే లోదుస్తుల మీదే కొలవాలి. ఊపిరి బిగబట్టకుండా, టేపు ఒంటికి ఆనేలా, లోపలికి కోసుకోకుండా పట్టాలి. వెనక వైపు టేపు కిందికి జారడం మామూలే, అందుకే ఇంకొకరి సాయమో పెద్ద అద్దమో ఉండాలి. "కాస్త లూజు ఉండనీ" అని టేపు లోపల రెండు వేళ్లు పెట్టే అలవాటు మన టైలర్లకు ఉంది. ఇక్కడ అది పనికిరాదు. లూజు ప్యాటర్న్‌లో ముందే కలిపేశారు, మళ్లీ కలిపితే రెట్టింపవుతుంది.

మొదటిది పై చాతీ. టేపును రెండు చంకల కింద నుంచి తెచ్చి, రొమ్ము పైభాగంలో చుట్టి కొలిచేది ఇది. రెండోది చాతీ, అంటే ఎత్తుగా ఉన్న చోట, టేపు నేలకు సమాంతరంగా. మూడోది నడుము. మన ఆడవాళ్లు ఎక్కువమంది తప్పే చోటు ఇదే. నడుము అనగానే లంగా బొందు కట్టుకునే చోటు, కుచ్చిళ్లు దోపుకునే చోటు గుర్తొస్తుంది. అది దాదాపు ఎప్పుడూ అసలు నడుముకు కింద ఉంటుంది. ఒక ఎలాస్టిక్ ముక్క వదులుగా కట్టుకుని ఒక పక్కకు వంగితే, అది మడత పడే చోటికి వెళ్లి దానంతట అదే ఆగుతుంది. నడుము అదే. ఎలాస్టిక్ అక్కడే ఉంచి, మెడ వెనక ఎత్తుగా తగిలే ఎముక నుంచి దాని వరకూ వీపు పొడవు కూడా కొలుచుకోవాలి. నాలుగోది హిప్. అమెరికన్ పట్టికలో నడుముకు 9 అంగుళాల కింద కొలిచినది. మీకు అన్నిటికంటే వెడల్పైన చోటు కొంచెం పైనో కిందో ఉంటే అక్కడే కొలవండి, ఎంత దిగువన ఉందో పక్కన రాసుకోండి.

మా అమ్మాయి కొలతలు ఇలా తేలాయి. ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు. పై చాతీ 35, చాతీ 38, నడుము 32, హిప్ 40. వీపు పొడవు 15.5. పట్టిక పక్కన పెట్టుకుంటే చాతీకి 16, నడుముకి 18, హిప్‌కి మళ్లీ 16. ఏ ఒక్క నంబరూ కాదు. ఇందులో కంగారు పడాల్సింది లేదు. పట్టికలో అన్ని గళ్లకూ ఒకేసారి సరిపోయే మనిషి అరుదు, ఎందుకంటే ఆ వరస సగటుల వరస. అసలు ప్రశ్న వేరు. ఈ కొలతల్లో దేన్ని నమ్మి సైజు ఎంచాలి, దేన్ని తర్వాత సవరించుకోవాలి?

పై భాగానికి తొడిగే బట్టకు నమ్మాల్సింది ఎముకల్ని. మెడ, భుజం, చంక సరిగా కూర్చుంటే నడుము, హిప్ పక్క కుట్లలో సర్దుకోవచ్చు. మెడా భుజమూ తప్పితే సర్దడం కొత్తవాళ్ల వల్ల అయ్యే పని కాదు. చాతీ చుట్టుకొలత ఆ ఎముకల కొలత కాదు. అందులో రొమ్ము కొలత కూడా కలిసి ఉంటుంది. ఈ నాలుగు కంపెనీలూ పై చాతీకీ చాతీకీ రెండు అంగుళాల తేడా ఉన్న మనిషిని ఊహించుకుని గీస్తాయి. బ్రా సైజుల లెక్కలో అది బి కప్పు. తేడా రెండుకు మించితే చాతీ కొలతతో సైజు ఎంచకూడదు. ఎంచితే చాతీ దగ్గర పడుతుంది, భుజం మాత్రం కిందికి జారుతుంది, మెడ ముందుకు తెరుచుకుంటుంది, చంక దగ్గర గుడ్డ మూటకడుతుంది. ఈ లక్షణాలు రెడీమేడ్‌లో కూడా చూసే ఉంటారు.

అలాంటప్పుడు కుట్టేవాళ్లు పాటించే పద్ధతి, పట్టికలో చాతీ గడి దగ్గర పై చాతీ కొలతను పెట్టి చూడటం. మా అమ్మాయికి తేడా మూడు అంగుళాలు. 35ను చాతీ గడిలో వెతికితే 12కీ (34) 14కీ (36) నడుమ పడింది. 14 తీసుకోమన్నాను. చిన్న భుజాలైతే 12 వైపు మొగ్గచ్చు, ఆమెవి అలా కావు. అప్పుడు ప్యాటర్న్‌లో చాతీ 36, ఒంటిది 38. రెండు అంగుళాలు తక్కువ. ఆ రెండూ కావాల్సింది ముందు భాగంలోనే, వీపులో కాదు. 16 తీసుకుంటే ఆ రెండు అంగుళాలు ముందూ వెనకా పంచుకుపోతాయి, దాంతో పాటు భుజమూ మెడా పెరుగుతాయి. అదీ తేడా.

ముందు భాగంలో గుడ్డ పెంచే పద్ధతికి ఫుల్ బస్ట్ అడ్జస్ట్‌మెంట్ అని పేరు. ఆమె ఎంచుకున్న టాప్‌లో పక్క కుట్టు నుంచి చాతీ వైపు ఒక డార్ట్ ఉంది, కాబట్టి పని సులువు. ముందు భాగం కాగితం తీసుకుని, చాతీ మొన ఎక్కడ వస్తుందో చుక్క పెట్టాలి. కింది అంచు నుంచి ఆ చుక్క దాకా నిలువు గీత, అక్కడి నుంచి చంక వంపులో కింది మూడో వంతు దాకా వాలు గీత. డార్ట్ మధ్యలోంచి ఆ చుక్క దాకా ఇంకో గీత. గీతల వెంట కత్తిరించాలి, కానీ చంక దగ్గరా డార్ట్ మొన దగ్గరా కాగితం పూర్తిగా విడిపోకుండా తలుపు మడతబందులా కాస్త వదలాలి. ఇప్పుడు పక్క వైపు ముక్కను చాతీ దగ్గర ఒక అంగుళం దూరం జరపాలి. కాగితం సగం ఒంటికే కదా, ఇంకో సగంలో ఇంకో అంగుళం వస్తుంది, కలిపి రెండు. జరుపుతుంటే పక్క డార్ట్ దానంతట అదే వెడల్పవుతుంది. చాతీ ఎత్తు మీదుగా ఎక్కాల్సిన పొడవూ అందులోంచే వస్తుంది. నిలువు చీలిక రెండు అంచులూ కింది దాకా సమాంతరంగా ఉండాలి. మధ్య ముక్క కింది అంచు ఇప్పుడు పొట్టిగా కనిపిస్తుంది, దానికి కాగితం అతికించి సమం చెయ్యాలి.

ఇక్కడ తొందరపడి నడుముకు 18 గీత పట్టుకోకూడదు. ఇప్పుడే ఒకసారి లెక్క చూడాలి. 14 సైజు నడుము 28. మనం తెరిచిన చీలిక కింది దాకా వెళ్లింది కాబట్టి నడుము దగ్గరా రెండు అంగుళాలు వచ్చాయి, అంటే 30. ఒంటికి కావాల్సింది 32. ఇంకా రెండు కావాలి. పక్క కుట్టుకు ముందు అంచు, వెనక అంచు, రెండు పక్కలూ కలిపి నాలుగు అంచులు, ఒక్కోదానికి అర అంగుళం. నేరుగా 18 గీత మీదికి వెళ్లిపోతే రెండు అంగుళాలు ఎక్కువై నడుము సంచీలా వేలాడేది. హిప్ దగ్గర 14 సైజుది 38, చీలికతో వచ్చినవి రెండు, కలిపి 40. అక్కడ ఏమీ చెయ్యక్కర్లేదు. అయితే పెరిగిన రెండూ ముందు వైపే పెరిగాయి. ఎత్తు వెనక ఉన్న మనిషైతే పక్క కుట్టు వెనక్కి లాగబడి వంకరగా నడుస్తుంది. అలా కనిపిస్తే ముందు తీసి వెనక కలపాలి.

పొడవు సంగతి చిన్నది కానీ మన వాళ్లకు తరచూ తగిలేది. ఈ సైజులు 5 అడుగుల 5, 6 అంగుళాల మనిషికి గీసినవి. 14 సైజు వీపు పొడవు 16.5, మా అమ్మాయిది 15.5. ప్యాటర్న్ ముక్కల మీద పొడవు పెంచడానికీ తగ్గించడానికీ అడ్డంగా జంట గీతలు ఉంటాయి, అక్కడ ముందూ వెనకా ఒక అంగుళం మడిచేస్తే సరి. ఇది చాతీ సవరణ కంటే ముందే చెయ్యాలి. చెయ్యకపోతే నడుము వంపు నడుము కిందికి వెళ్లి, వీపులో అడ్డంగా ముడతలు పడతాయి. కింద అంచు కత్తిరిస్తే పొడవు తగ్గుతుంది గానీ ఆ ముడత పోదు.

ఇంతా చేశాక ఇంకొక అంకె చూడాలి. టిష్యూ మీద చాతీ దగ్గర గుండ్రంలో కూడికల గుర్తులాంటిది ఉంటుంది, దాని పక్కన ఒక్కో సైజుకూ కుట్టిన తర్వాత బట్ట చుట్టుకొలత ఎంత వస్తుందో రాసి ఉంటుంది. ఆమె ప్యాటర్న్‌లో 14 పక్కన 39.5 ఉంది. 36 చాతీకి 39.5 అంటే మూడున్నర అంగుళాల లూజు. కవరు మీద 'ఫిటెడ్' అని ఉంటే డ్రెస్సులకూ టాపులకూ చాతీ దగ్గర 3 నుంచి 4 అంగుళాల లూజు అని ఈ కంపెనీల లెక్క. మన జాకెట్టు అలవాటున్న కళ్లకు అది వదులే. జాకెట్టు ఒంటిని పట్టుకుని ఉండాలి, టాప్ ఒంటి మీద వేలాడాలి. చాలామంది ప్యాటర్న్ సైజు పెద్దదని గొణిగేది కొంతవరకూ ఈ లూజు వల్లనే. ఆ అంకెలోంచి మీ చాతీ తీసేస్తే మిగిలేది మీకు దక్కే లూజు. అది ఎక్కువనిపిస్తే సైజు తగ్గించుకోవచ్చు, కానీ సాగని కాటన్ గుడ్డలో రెండు అంగుళాల కంటే తక్కువైతే చెయ్యి పైకెత్తినప్పుడు తెలుస్తుంది. సాగే టీషర్టు గుడ్డకు గీసిన ప్యాటర్న్‌లో మాత్రం బట్ట కొలత ఒంటి కొలత కంటే తక్కువ ఉన్నా ఆశ్చర్యపడకండి. గుడ్డే సాగి లూజు ఇస్తుంది.

జర్మనీ నుంచి వచ్చే బుర్దా పత్రిక ప్యాటర్న్‌లు వాడేవాళ్లకు ఒక మాట. అక్కడి నంబర్లు వేరు, కానీ వాటికి ఒక లెక్క ఉంది. చాతీ సెంటీమీటర్లలో సగం చేసి ఆరు తీసేస్తే సైజు. 84 చాతీకి 36, 92కి 40. అంతకంటే ముఖ్యమైనది, పత్రికలో వచ్చే గీతల్లో కుట్టు కోసం వదిలే మార్జిన్ ఉండదు. అమెరికన్ కవర్లలో అది ఒకటిన్నర సెంటీమీటర్లు కలిపే ఉంటుంది. అమెరికన్ అలవాటుతో బుర్దా గీత మీదే కత్తిరించి కుడితే, నాలుగు అంచుల మీద ఒకటిన్నర చొప్పున చాతీ చుట్టూ ఆరు సెంటీమీటర్లు పోతాయి. సైజు తప్పని తిట్టుకుంటారు గానీ, పోయింది మార్జిన్‌లో.

మా అమ్మాయి మొదట కొన్న కవరు 6 నుంచి 14 దాకా ఉన్నది. కావాల్సిన 14 గీత అందులోనే ఉండేది. టిష్యూనే 8 గీత మీద కత్తిరించేసింది కాబట్టి బయటి గీతలు చెత్తబుట్టలోకి వెళ్లిపోయాయి. అనుభవం ఉన్నవాళ్లు టిష్యూను కత్తిరించరు. వేరే కాగితం కింద పెట్టి కావాల్సిన గీత ఎత్తి రాసుకుంటారు. ఈసారి 14 నుంచి 22 కవరు తెచ్చుకుని అలాగే చేసింది. సవరించిన కాగితంతో ముందు ఒక పాత దుప్పటి కత్తిరించి, కాలరూ చేతులూ లేకుండా, పెద్ద కుట్లతో అతికించి వేసుకుని ఫొటోలు పంపింది. భుజం కుట్టు భుజం మీదే ఉంది. చాతీ దగ్గర బాగానే పడింది. పక్క డార్ట్ మాత్రం చాతీ మొనకు కొంచెం పైన గురిపెట్టి ఉంది, అక్కడి నుంచి చంక వైపు ఒక ముడత లాగుతోంది. డార్ట్ మొత్తాన్ని ముప్పావు అంగుళం కిందికి దించి, మొన చాతీ మొనకు ఒక అంగుళం ఇవతలే ఆపమన్నాను. వీపు పొడవు తగ్గించిన మనిషికి చాతీ కూడా కింద ఉండటమేమిటని ఆమె సందేహం. రెండూ వేర్వేరు కొలతలు, ఒకటి తగ్గితే రెండోదీ తగ్గాలని లేదు. అందుకే భుజం నుంచి చాతీ మొన దాకా కూడా టేపు పెట్టి ఒకసారి రాసుకుంటే ఆ దుప్పటి మీద పని ఇంకొంచెం తగ్గేది.

కాగితం మీద తేదీ వేసి, పక్కన కొలతలు రాసి దాచుకోమన్నాను. అదే కంపెనీ ఇంకో ప్యాటర్న్ కొన్నప్పుడు కూడా 14 గీతే, అదే ఒక అంగుళం మడత, అదే ఒక అంగుళం చీలిక. షాపులో ఆమె ఇప్పటికీ 8 కొంటుంది.